కణితి తీసేశాక పడిపోయే బీపీ: అడ్రినల్ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా

అడ్రినల్ గ్రంథిలో కణితి ఉన్నవారిలో చాలామంది డాక్టరు దగ్గరికి వచ్చేది బీపీ ఎక్కువగా ఉందనే. అందువల్ల కణితిని తీసేస్తే బీపీ దిగుతుందని, అంతటితో చికిత్స ముగిసినట్టేనని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. బీపీ దిగే మాట నిజమే. అయితే అది ఎంత లోతుకు దిగుతుంది, ఎందుకు దిగుతుంది, ఎన్నాళ్లు అలా ఉంటుంది అన్నవి ఆ కణితి ఏ హార్మోన్‌ను తయారు చేసిందన్న దాన్ని బట్టి పూర్తిగా మారిపోతాయి. ఒక రకం కణితిలో గండం మొదటి ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. దానికి విరుగుడు సెలైన్, బీపీ నిలబెట్టే మందు. మరో రకంలో గండం రోగి ఇంటికి వెళ్లాక వారాలు గడిచి కూడా రావచ్చు. అక్కడ విరుగుడు స్టెరాయిడ్. రెండింటినీ ఒకే గాటన కట్టినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

రెండు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఈ గ్రంథులు ఒక్కొక్కటి 4 నుంచి 5 గ్రాముల బరువుంటాయి. లోపలి భాగం అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లను, పై పొర కార్టిసాల్, ఆల్డోస్టెరోన్ వంటి హార్మోన్లను తయారు చేస్తాయి. లోపలి భాగం నుంచి పుట్టే కణితిని ఫియోక్రోమోసైటోమా అంటారు. పై పొర నుంచి పుట్టే వాటిలో కార్టిసాల్‌ను అదుపు లేకుండా వదిలే గడ్డలు ముఖ్యమైనవి. కిడ్నీలో రాయి ఉందేమోనని సీటీ తీయించుకున్నవారిలో అనుకోకుండా కనబడే అడ్రినల్ గడ్డల్లో ఎక్కువ శాతం ఏ హార్మోన్‌నూ అదనంగా వదలవు. అయినా కత్తి పట్టేముందు ఆ సంగతి రక్త, మూత్ర పరీక్షల్లో తేలాలి. ఫియోక్రోమోసైటోమా కోసం, అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్‌లు మార్పు చెందగా ఏర్పడే మెటానెఫ్రిన్ల పరీక్ష, కార్టిసాల్ కోసం రాత్రి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసి మర్నాడు ఉదయం చేసే పరీక్ష చేస్తారు. మొదటిదాని ఫలితం రాకుండా రెండోదానికి తొందరపడకపోవడమే మంచిది, ఎందుకో కింద తెలుస్తుంది.

మొదటి రకానికి ఉదాహరణగా గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే 41 ఏళ్ల మనిషిని అనుకుందాం. రెండేళ్లుగా ఉన్నట్టుండి గుండె దడ, తల పగిలిపోయేంత నొప్పి, ఒళ్లంతా చెమట. పావుగంటలో అన్నీ సర్దుకుంటాయి. యార్డులో ఎండకు, మిరప ఘాటుకు వచ్చిందనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ బీపీ చూసి అటెనొలాల్ అనే బీటా బ్లాకర్ మాత్ర రాసిచ్చాడు. అది మొదలుపెట్టాక ఆ విడతలు తగ్గకపోగా మరింత తీవ్రమయ్యాయి. పెద్దాసుపత్రిలో తీసిన సీటీలో కుడి అడ్రినల్‌లో 5 సెంటీమీటర్ల కణితి కనబడింది, మూత్రంలో మెటానెఫ్రిన్లు మామూలు కంటే ఎన్నో రెట్లు ఉన్నాయి. పడుకోబెట్టి చూస్తే పై బీపీ 160, నిలబెట్టి మూడు నిమిషాల తర్వాత చూస్తే 122, కళ్లు తిరుగుతున్నాయంటున్నాడు.

బీపీ ఇంత ఎక్కువున్న మనిషికి లేచి నిలబడితే కళ్లు తిరగడమేమిటన్న ప్రశ్నకు జవాబులోనే ఈ ఆపరేషన్ కిటుకంతా ఉంది. కణితి వదిలే హార్మోన్లు నెలల తరబడి రక్తనాళాలను బిగించి ఉంచుతాయి. నాళాలు ఇరుకైపోయి ఒత్తిడి పెరగడంతో మూత్రపిండాలు ఉప్పునూ నీళ్లనూ ఎక్కువగా బయటికి పంపేస్తాయి, రక్తంలో ద్రవభాగం తగ్గి చిక్కబడుతుంది. పిల్లకాలువలో ఒడ్డు దాకా పారుతున్న నీటిని ఒక్కసారిగా బందరు కాలువలోకి వదిలితే అడుగున జానెడు కూడా కనబడదు. కణితిని తీసిన నిమిషంలో నాళాలన్నీ ఒకేసారి వదులైనప్పుడు ఈ మనిషి రక్తప్రసరణకు పట్టే గతి అదే. కాబట్టి ఆపరేషన్‌కు ముందే నాళాలను నెమ్మదిగా వదులు చేసి, వాటి వెడల్పుకు సరిపడా ద్రవాన్ని నింపుకొనే వ్యవధి శరీరానికి ఇవ్వాలి. ఈ తయారీకి కనీసం 7 నుంచి 14 రోజులు పడుతుంది.

నాళాలను వదులు చేసేవి ఆల్ఫా బ్లాకర్లు. ఫినాక్సీబెంజమైన్ గానీ, మన దగ్గర ఎక్కువగా వాడే ప్రజోసిన్ గానీ, డాక్సజోసిన్ గానీ చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కొద్ది రోజులకోసారి పెంచుకుంటూ పోతారు. ప్రజోసిన్ మొదటి మాత్ర రాత్రి పడుకునేముందే వేయాలి, ఆ రాత్రి మూత్రానికి లేచేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. మొదటి మోతాదుకే బీపీ పడిపోయి కూలబడినవాళ్లుంటారు. కూర్చున్నప్పుడు బీపీ 130/80 లోపు, నిలబడినప్పుడు పై బీపీ 90కి తగ్గకుండా ఉండేలా మోతాదు కుదురుస్తారు. ముక్కు దిబ్బడ వేసిందని రోగి ఫిర్యాదు చేస్తే మందు పనిచేస్తోందనడానికి అదొక గుర్తు. జలుబు మందు వేసుకుని దాన్ని తగ్గించుకోవాలని చూడకూడదు, ఎందుకంటే ముక్కు దిబ్బడకు వాడే చాలా మాత్రల్లో నాళాలను బిగించే మందే ఉంటుంది.

ఆల్ఫా మందు మొదలుపెట్టిన రెండు మూడు రోజుల నుంచి ఉప్పు, నీళ్లు పెంచమంటారు. ఇక్కడే ఇంట్లో అయోమయం మొదలవుతుంది. రెండేళ్లుగా ఉప్పు తగ్గించమని, పచ్చడి ముట్టుకోవద్దని చెప్పిన డాక్టర్లే ఇప్పుడు మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగమంటే భార్య నమ్మలేక మానిపించేస్తుంది. అలా మానేసినట్టు తెలుసుకునే దారులు రెండు. నిలబడినప్పుడు బీపీ ఇంకా బాగా పడిపోతూ కళ్లు తిరుగుతుంటే ద్రవం నిండలేదని అర్థం. రెండోది హిమటోక్రిట్, అంటే రక్తంలో కణాల వాటా. మన ఉదాహరణలో మొదటి రోజు అది 50 శాతం ఉంటే, రెండు వారాల తర్వాత 43కి దిగింది. రక్తం పోలేదు, పలచబడింది. మార్చి నుంచి మే దాకా, అంటే సరిగ్గా యార్డులో పని ఎక్కువుండే రోజుల్లోనే, గుంటూరు ఎండకు చెమటలో పోయే ఉప్పూ నీళ్లూ ఈ లెక్కను తలకిందులు చేయగలవు. అందుకని తయారీ జరిగే వారాల్లో అతన్ని పనికి పంపకపోవడం కూడా వైద్యంలో భాగమే. అయితే గుండె కండరం దెబ్బతిన్నవారికి, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి ఇలా ఉప్పునీళ్లు పట్టిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ కణితి గుండె కండరాన్ని దెబ్బతీయగలదు కాబట్టి ముందుగా ఎకో తీసి చూడటం తప్పనిసరి.

అటెనొలాల్‌తో విడతలు ఎందుకు ఎక్కువయ్యాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అడ్రినలిన్ కొన్ని నాళాలను బిగిస్తుంది, కండరాల్లోని మరికొన్నిటిని వదులు చేస్తుంది. బీటా బ్లాకర్ ఆ వదులు చేసే గుణానికి అడ్డు పడి, బిగించే గుణాన్ని మాత్రం అలాగే వదిలేస్తుంది; పైగా గుండె కొట్టుకునే బలాన్ని తగ్గిస్తుంది. అందుకే ఆల్ఫా మందు బాగా పట్టాక, గుండె వేగం ఎక్కువగా ఉంటేనే, బీటా మందును చేరుస్తారు. ఈ వరస ఎప్పుడూ తిరగబడకూడదు.

ఆపరేషన్‌కు ముందు సాయంత్రం నుంచే లీటరు రెండు లీటర్ల సెలైన్ ఎక్కించడం చాలాచోట్ల ఆనవాయితీ. థియేటర్లో మత్తు ఇవ్వకముందే మణికట్టు ధమనిలో సన్నని గొట్టం పెట్టి బీపీని క్షణక్షణం తెర మీద చూస్తారు, ఎందుకంటే చేతికి పట్టీ కట్టి ఐదు నిమిషాలకోసారి చూసే పద్ధతికి ఈ కణితి అందదు. బీపీ ఎగబాకే ఘట్టాలు ముందే తెలిసినవి: గొంతులో గొట్టం వేసేటప్పుడు, లాపరోస్కోపీ కోసం కడుపులో గ్యాసు నింపేటప్పుడు, అన్నిటికంటే ఎక్కువగా సర్జన్ చేయి కణితికి తగిలినప్పుడు. పై బీపీ 130 నుంచి 220కి పోవడానికి నిమిషం కూడా పట్టదు. అప్పుడు మొదటి మందు ఏ ఇంజెక్షనూ కాదు. సర్జన్ చేయి తీసి ఆగడమే. ఆ వ్యవధిలో మత్తు డాక్టరు సోడియం నైట్రోప్రుసైడ్, మెగ్నీషియం వంటివి, గుండె వేగం పెరిగితే ఎస్మొలాల్ వాడతారు. ఎన్నుకునేవన్నీ నిమిషాల్లో పనిచేసి నిమిషాల్లో వదిలేసే మందులే, ఎందుకంటే కాసేపట్లో ఇదే మనిషికి బీపీ పెంచాల్సిన అవసరం రాబోతోంది.

ఆ ఘట్టం కణితి సిరను కట్టేసినప్పుడు వస్తుంది. కుడివైపు అడ్రినల్ సిర చాలా పొట్టిది, నేరుగా మహాసిరలో కలుస్తుంది. క్లిప్ వేసే ముందు సర్జన్ పైకి చెప్పాలి. వినగానే మత్తు డాక్టరు బీపీ తగ్గించే డ్రిప్పులన్నీ ఆపేసి సెలైన్ వేగం పెంచుతారు. మన ఉదాహరణలో క్లిప్ పడ్డాక బీపీ 78/44కి పడింది. 500 మిల్లీలీటర్ల చొప్పున రెండు విడతల ద్రవం, దాంతో పాటు నార్‌అడ్రినలిన్ డ్రిప్ ఇస్తే 105కి వచ్చింది. కణితి వదులుతున్నది నార్‌అడ్రినలిన్ కదా, మళ్లీ అదే ఇవ్వడమేమిటని అడగవచ్చు. ఇప్పుడు మోతాదు డాక్టరు చేతిలో ఉంది, గంటగంటకూ తగ్గించుకుంటూ రావచ్చు. కేవలం సెలైన్‌తోనే బీపీ నిలబెట్టాలని పట్టుబడితే నాలుగైదు లీటర్లు పోయి, మర్నాడు నాళాలు మళ్లీ బిగువు తెచ్చుకున్నప్పుడు ఆ నీరంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఫినాక్సీబెంజమైన్ మీద ఉన్నవారిలో ఈ డ్రిప్ అవసరం ఎక్కువ సేపు ఉండవచ్చు, ఆ మందు ప్రభావం చివరి మాత్ర తర్వాత కూడా రోజుల తరబడి నిలుస్తుంది కాబట్టి.

ఐసీయూలో మొదటి 24 నుంచి 48 గంటల్లో బీపీ 90 దగ్గర తచ్చాడుతుంటే వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది నాళాలు వదులైన బీపీయా, లోపల రక్తం కారుతున్న బీపీయా? నాళాలు వదులైతే చేతులు వెచ్చగా ఉంటాయి, హిమోగ్లోబిన్ నిలకడగా ఉంటుంది, డ్రిప్ కొద్దిగా పెంచితే బీపీ మాట వింటుంది. రక్తం కారుతుంటే చేతులు చల్లబడి పాలిపోతాయి, గుండె వేగం గంటగంటకూ పెరుగుతుంది, మూత్రం తగ్గుతుంది, సెలైన్ ఇచ్చిన అరగంట బాగుండి మళ్లీ పడుతుంది. అయితే రోగి బీటా మందు మీద ఉంటే గుండె వేగం పెరగకపోవచ్చు, కాబట్టి ఆ ఒక్క అంకెను చూసి ధైర్యపడకూడదు. దీంతో పాటే చూడాల్సింది షుగర్. కణితి ఉన్నన్నాళ్లూ అడ్రినలిన్ ఇన్సులిన్‌ను అణచిపెడుతుంది. ఆ అడ్డు తొలగగానే క్లోమం నుంచి ఇన్సులిన్ ఒక్కసారిగా వస్తుంది, షుగర్ 50 లోపుకు పడిపోవచ్చు. మత్తు ఇంకా వదలలేదులే అనుకున్న మగత షుగర్ తగ్గిన మగత కావచ్చు. మొదటి కొన్ని గంటలు గంటకోసారి వేలి చుక్కతో చూస్తే ఈ ప్రమాదం తప్పిపోతుంది.

ఇంతవరకు చెప్పిన దానిలో స్టెరాయిడ్ ప్రస్తావన రాలేదన్నది గమనించాలి. రెండో గ్రంథి ఆరోగ్యంగా ఉన్న ఫియోక్రోమోసైటోమా రోగికి ఆపరేషన్ తర్వాత దాని అవసరం లేదు. రెండు వైపులా గ్రంథులు తీసేసినవారికే అవసరం, వారికి జీవితాంతం. ఆపరేషన్‌కు ముందైతే స్టెరాయిడ్ ఈ కణితిని రెచ్చగొట్టి ప్రాణాంతకమైన బీపీ విడతను తేగలదు. జ్వరానికీ నొప్పులకూ డెక్సామెథసోన్ ఇంజెక్షన్ చేయించుకునే అలవాటు పల్లెల్లో ఇంకా పోలేదు. అలాంటి ఇంజెక్షన్ తర్వాత దడ, చెమట, తలనొప్పితో ఆసుపత్రికి వచ్చిన మనిషికి అడ్రినల్ కణితి ఉందేమోనన్న అనుమానం రావాలి. మెటానెఫ్రిన్ల ఫలితం ముందు చూడమన్నది కూడా ఇందుకే.

రెండో రకం కణితిలో కథ పూర్తిగా వేరు. విజయవాడలో బడి పంతులమ్మగా పనిచేసే 35 ఏళ్ల ఆమెకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట మీద ఊదారంగు చారలు వచ్చాయి, షుగరూ బీపీ కొత్తగా మొదలయ్యాయి, ఎడమ అడ్రినల్‌లో 3 సెంటీమీటర్ల గడ్డ ఉందనుకుందాం. ఈ గడ్డ కార్టిసాల్‌ను వదులుతోంది. ఆపరేషన్ సమయంలో బీపీ పెద్దగా ఊగదు, ఐదో రోజుకు ఇంటికి పంపేస్తారు. అసలు సమస్య కుడివైపున, ఆరోగ్యంగా ఉందనుకున్న గ్రంథిలో ఉంది. రక్తంలో కార్టిసాల్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే ఉత్తర్వు పంపడం మానేస్తుంది, ఉత్తర్వు అందని గ్రంథి కుంచించుకుపోతుంది. ఎడమ గ్రంథిని తీసిన రోజున శరీరంలో కార్టిసాల్ తయారుచేసే గ్రంథి పనిచేసే స్థితిలో లేనట్టే.

అందుకని మత్తు ఇచ్చేటప్పుడే, కార్టిసాల్‌నే మందు రూపంలో అందించే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు సిరలోకి ఇస్తారు, ఆ తర్వాత 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు డ్రిప్‌గా గానీ, 6 గంటలకోసారి 50 చొప్పున గానీ ఇస్తారు. తినడం మొదలయ్యాక మోతాదు తగ్గించి మాత్రలకు మారుస్తారు. ఇంటికి వెళ్లే నాటికి మొత్తం మోతాదు ఎక్కువమందిలో రోజుకు 20 నుంచి 30 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, అందులో పెద్ద వాటా ఉదయం లేవగానే వేసుకోవాలి. మరో గ్రంథి ఉంది కాబట్టి ఆల్డోస్టెరోన్‌కు బదులుగా ఇచ్చే ఫ్లూడ్రోకార్టిసోన్ అక్కర్లేదు. ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరోన్‌కు ఉత్తర్వు మూత్రపిండం వైపు నుంచి వస్తుంది, పిట్యూటరీ నిద్రపోయినా ఆ పని ఆగదు. డిశ్చార్జి చీటీ రాసేటప్పుడు మర్చిపోయే సంగతి ఒకటుంది: కణితి ఉన్నప్పటి బీపీ మాత్రలు, ఇన్సులిన్ మోతాదులు అలాగే కొనసాగితే, రెండో వారంలో బీపీ, షుగర్ రెండూ కింద పడతాయి.

పన్నెండో రోజున ఆమెకు ఏమైందో చూద్దాం. ఎవరో బంధువు వచ్చి, స్టెరాయిడ్ ఎక్కువై కదా ఈ జబ్బొచ్చింది, మళ్లీ అదే మాత్ర ఎందుకు వేసుకుంటున్నావంటే ఆమె మానేసింది. మూడు రోజులకు నీరసం, వికారం, వాంతులు, ఒళ్లు నొప్పులు. మే నెల కాబట్టి వడదెబ్బ అనుకుని దగ్గర్లోని క్లినిక్‌లో సెలైన్ ఎక్కించారు. రెండు సీసాలు పోయినా బీపీ 84/50 దాటలేదు. ఆసుపత్రిలో చూస్తే సోడియం 124, పొటాషియం మాత్రం 4.2. రెండు గ్రంథులూ చెడిపోయినవారిలో పొటాషియం పెరుగుతుంది. ఈమెకు ఆల్డోస్టెరోన్ పనిచేస్తూనే ఉంది కాబట్టి పెరగలేదు. పొటాషియం బాగుంది, అడ్రినల్ సమస్య కాదులే అనుకుంటే అక్కడే దారి తప్పుతారు. అడ్రినల్ ఆపరేషన్ అయిన మనిషికి సెలైన్‌కు లొంగని తక్కువ బీపీ ఉంటే, కార్టిసాల్ నమూనా తీసి, ఫలితం కోసం ఎదురుచూడకుండా 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇవ్వాలి. చాలామందిలో గంట రెండు గంటల్లో బీపీ లేస్తుంది.

ఆ తర్వాత జాగ్రత్త సోడియం విషయంలో ఉండాలి. కార్టిసాల్ లేనప్పుడు శరీరం నీళ్లను బయటికి వదల్లేక పట్టుకుని కూర్చుంటుంది, సోడియం పలచబడటానికి అదే కారణం. హైడ్రోకార్టిసోన్ పడగానే ఆ నీళ్లన్నీ మూత్రంగా పోవడం మొదలై, సోడియం అనుకున్న దానికంటే వేగంగా ఎగబాకుతుంది. 24 గంటల్లో అది 8 నుంచి 10 పాయింట్లకు మించి పెరిగితే మెదడు నరాలకు శాశ్వత హాని కలగవచ్చు. కాబట్టి గంటకు 300 మిల్లీలీటర్ల చొప్పున మూత్రం పోతుంటే కోలుకుంటోందని సంతోషించి ఊరుకోకుండా నాలుగైదు గంటలకోసారి సోడియం చూసుకుంటూ సెలైన్ తగ్గించాలి.

మాత్ర సరిగా వేసుకుంటున్నా కొందరికి కీళ్ల నొప్పులు, దిగులు, చర్మం పొలుసులుగా రాలడం వంటివి నెలల తరబడి ఉంటాయి. ఎక్కువ కార్టిసాల్‌కు అలవాటు పడిన శరీరం మామూలు మోతాదును లోటుగా భావిస్తుంది. బీపీ, సోడియం, షుగర్ బాగుంటే ఇది ఆ అలవాటు వదిలే బాధే గానీ ప్రమాదం కాదు. కొన్నాళ్లు మోతాదు కొంచెం పెంచి తగ్గించవచ్చు గానీ, పెంచిన చోటే వదిలేస్తే నిద్రపోయిన గ్రంథి ఎప్పటికీ లేవదు. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు, వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్, పన్ను పీకించుకోవాలన్నా ముందుగా చెప్పడం, ఈ మూడూ రోగికే కాదు, ఇంట్లో మరొకరికి కూడా కంఠతా రావాలి. ఏ ఆపరేషన్ అయింది, ఏ మందు ఎంత వాడుతున్నారు, స్పృహ తప్పితే ఏం ఇవ్వాలి అన్నవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన చీటీ పర్సులో ఉండాలి.

కుడి గ్రంథి ఎప్పుడు లేచిందో ఒంటి తీరును బట్టి ఊహించకూడదు. కొందరిలో కొద్ది నెలల్లో, బాగా ముదిరిన జబ్బున్నవారిలో ఏడాది, ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ముందురోజు మధ్యాహ్నం తర్వాత హైడ్రోకార్టిసోన్ వేసుకోకుండా, మర్నాడు ఉదయం 8 గంటల ప్రాంతంలో, ఆ పూట మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వాలి. మాత్ర వేసుకుని వెళితే ల్యాబు లెక్కించేది ఆ మాత్రనే. కార్టిసాల్ డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల లోపుంటే మాత్ర కొనసాగించాలి, 10 దాటితే గ్రంథి లేచినట్టే లెక్క. ఆ రెండింటి మధ్య ఉంటే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి, గ్రంథి ఎంత స్పందిస్తుందో చూసి తేలుస్తారు, లేదా కొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షిస్తారు. రోజువారీ మాత్ర ఆపాక కూడా, ఆ ఇంజెక్షన్ పరీక్షలో గ్రంథి పూర్తిగా నెగ్గేదాకా, జ్వరానికీ ఆపరేషన్‌కూ స్టెరాయిడ్ రక్షణ అవసరమే. అందువల్ల పర్సులోని చీటీని మాత్ర ఆపిన రోజున తీసేయకూడదు.